మిర్టాజపీన్: మాత్ర సగం చేస్తే మగత సగం ఎందుకు కాదు

ప్రశ్న: డిప్రెషన్‌కి, నిద్ర పట్టకపోవడానికి కలిపి డాక్టర్ గారు రాత్రిపూట మిర్టాజపీన్ 15 ఎంజీ రాశారు. పన్నెండు రోజులు వాడాను. నిద్ర బాగానే పడుతోంది కానీ పొద్దున పదింటి దాకా మగత వదలడం లేదు. ఆకలి విపరీతంగా ఉంది, రెండు కిలోలు పెరిగాను. మగత తగ్గుతుందని మూడు రోజుల నుంచి నేనే సగం మాత్ర వేసుకుంటున్నాను. తగ్గలేదు సరికదా, కాస్త పెరిగినట్టే ఉంది. డాక్టరేమో 30కి పెంచుదాం అంటున్నారు. ఈ మందుకి తక్కువ డోసులోనే మత్తు ఎక్కువ అని చదివాను. నిజమేనా? పెంచితే బరువు ఇంకా పెరగదా?

సమాధానం:

మీరు చదివినదాంట్లో సగం నిజం ఉందండీ. మిగతా సగాన్ని జనం ఒకరి నుంచి ఒకరు విని పెద్దది చేశారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ మందు రాస్తున్నాను, ఇదే ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ముందు మీకు వెంటనే పనికొచ్చే మాట చెబుతాను. సగం మాత్ర వేసుకుంటే మగత సగం అవ్వదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. యూరప్‌లో ఈ మందుకి ఇచ్చే అధికారిక సమాచార పత్రంలోనే రాసి ఉంటుంది: డోసు తగ్గించినంత మాత్రాన మగత సాధారణంగా తగ్గదు, పైగా డిప్రెషన్ మీద మందు చేసే పని దెబ్బతినవచ్చు అని. అంటే మూడు రోజులుగా మీరు చేస్తున్న ప్రయోగంలో లాభం వచ్చే అవకాశం తక్కువ, నష్టం వచ్చే అవకాశం ఎక్కువ.

ఎందుకలా అవుతుందో అర్థం కావాలంటే ఈ మందు మెదడులో ఎక్కడెక్కడ కూర్చుంటుందో చూడాలి. మామూలుగా డిప్రెషన్ మందులు చాలావరకు సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని నాడీకణం తిరిగి పీల్చుకోకుండా ఆపుతాయి. మిర్టాజపీన్ ఆ పని చేయదు. ఇది కొన్ని రిసెప్టర్ల మీద కూర్చుని వాటి పని ఆపుతుంది. రిసెప్టర్ అంటే కణం మీద ఉండే కుర్చీ అనుకోండి. అసలు కూర్చోవాల్సిన రసాయనం రాకముందే మందు వచ్చి ఆ కుర్చీ ఆక్రమిస్తుంది. అయితే అన్ని కుర్చీల మీదా దీనికి ఒకే మోజు లేదు. అన్నింటికంటే ఎక్కువ మోజు హిస్టమిన్ హెచ్1 రిసెప్టర్ మీద. ఆల్ఫా-2 అనే ఇంకో రిసెప్టర్ మీద ఆ మోజు పదుల రెట్లు తక్కువ.

హిస్టమిన్ అనగానే దురద, తుమ్ములే గుర్తొస్తాయి కానీ మెదడులో దాని పని వేరు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ వెనక భాగంలో చిన్న కణాల గుంపు ఒకటి పగలంతా హిస్టమిన్ విడుదల చేస్తూ మనల్ని మెలకువగా ఉంచుతుంది. పాతకాలపు అలర్జీ మాత్ర వేసుకుంటే కునికిపాట్లు వచ్చేది ఇందుకే. మిర్టాజపీన్ అదే చోట, వాటిలో చాలా మాత్రల కంటే గట్టిగా పట్టుకుంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఇది అర్థం కావడానికి వేసిన ఉజ్జాయింపు లెక్కే, మీ రక్తపరీక్ష రిపోర్టు కాదు. రోజూ 15 ఎంజీ వేసుకునేటప్పుడు మెదడులో ఉన్న మందు, హెచ్1 కుర్చీల్లో సగం నిండడానికి కావాల్సినదానికి పది రెట్లు ఉందనుకుందాం. అప్పుడు నిండిన కుర్చీలు నూటికి 91. మాత్ర సగం చేస్తే మందు ఐదు రెట్లకు దిగుతుంది, నిండిన కుర్చీలు 83. మాత్ర రెట్టింపు చేస్తే మందు ఇరవై రెట్లు, నిండిన కుర్చీలు 95. డోసు 7.5 నుంచి 30కి, అంటే నాలుగు రెట్లు మారినా హిస్టమిన్ దగ్గర మార్పు 83 నుంచి 95 మాత్రమే. హాలు దాదాపు నిండిపోయాక గేటు దగ్గర ఎంతమంది నిలబడ్డారన్నది లోపల పెద్ద తేడా చూపదు.

ఇదే లెక్క ఆల్ఫా-2కి వేయండి. అక్కడ మోజు ముప్ఫై రెట్లు తక్కువ అనుకుంటే 7.5 ఎంజీలో నిండేవి నూటికి 14, 15లో 25, 30లో 40. ఇక్కడ హాలు ఖాళీగా ఉంది కాబట్టి డోసు పెంచిన ప్రతిసారీ లోపల తేడా బాగా తెలుస్తుంది.

ఈ ఆల్ఫా-2 చేసే పనేమిటంటే, నార్‌ఎడ్రినలిన్ విడుదలకి బ్రేకు వేయడం. నార్‌ఎడ్రినలిన్ మనిషిని చురుగ్గా, అప్రమత్తంగా ఉంచే రసాయనం. కణం దాన్ని వదిలినప్పుడు కొంత వెనక్కి వచ్చి అదే కణం మీదున్న ఆల్ఫా-2కి తగిలి ‘ఇక చాలు’ అని చెబుతుంది. మిర్టాజపీన్ ఆ కబురు అందకుండా చేస్తుంది. బ్రేకు వదులవుతుంది, నార్‌ఎడ్రినలిన్ ఇంకా వస్తుంది, దాని వెంట సెరటోనిన్ కూడా పెరుగుతుంది. డిప్రెషన్ తగ్గించడంలో ముఖ్యమైన పాత్ర దీనిదేనని అనుకుంటాం.

రెండూ కలిపి చూడండి. చిన్న డోసులో నిద్రలోకి లాగే చెయ్యి అప్పటికే పూర్తి బలంతో ఉంటుంది, మెలకువ వైపు లాగే చెయ్యి ఇంకా బలహీనంగా ఉంటుంది. డోసు పెంచితే మొదటి చేతి బలం పెద్దగా పెరగదు, ఎందుకంటే పెరగడానికి చోటు లేదు. రెండో చేతి బలం పెరుగుతుంది. అందుకే 30కో 45కో వెళ్లినప్పుడు కొందరికి పగటి మగత తగ్గినట్టు అనిపిస్తుంది. పెద్ద డోసులో హిస్టమిన్ కుర్చీలు ఖాళీ అవుతాయని కొందరు రాస్తుంటారు, అది తప్పు. నిద్ర తెప్పించే పని అలాగే ఉంటుంది, దానికి ఎదురు నిలిచేది ఒకటి వస్తుంది, అంతే.

ఇంతవరకూ థియరీ ముచ్చటగా ఉంది. మనుషుల మీద అది ఎంత నిలబడుతుందన్న దగ్గర నాకు పేచీ ఉంది, ఈ మాట చాలామంది చెప్పరు. మందు మొదలుపెట్టేది 15 ఎంజీతో. మగత బాగా కొట్టేది మొదటి వారం, పది రోజులు. హిస్టమిన్ వల్ల వచ్చే మగతకి మెదడు కొద్దిరోజుల్లో కొంతవరకు అలవాటుపడిపోతుంది. డోసు పెంచేది కనీసం ఒకటి రెండు వారాలు ఆగాక. అంటే 30 మొదలయ్యే నాటికి మగత ఎలాగూ తగ్గుతూ ఉంటుంది. పేషెంటు ‘డోసు పెంచితే మగత తగ్గింది’ అంటాడు. డాక్టరు ‘చూశావా, ఆల్ఫా-2’ అంటాడు. కానీ అదే మనిషిని 15 మీదే ఉంచి ఉంటే మూడో వారానికి తగ్గి ఉండేదేమో ఎవరు చూశారు? డోసు, రోజులు రెండూ ఒకేసారి మారుతున్నప్పుడు క్రెడిట్ ఎవరికివ్వాలో తేలదు. ‘తక్కువ డోసే ఎక్కువ మత్తు’ అన్న మాటకి ఇంత పేరు రావడంలో ఈ తికమకది పెద్ద వాటా అని నా నమ్మకం.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఎవరైనా ఈ మాత్రలు మోతాదు మించి మింగేస్తే ఏమవుతుంది? చురుకుదనం పెరిగి లేచి తిరగరు. గాఢమైన మగత, అయోమయం, గుండె దడతో ఆస్పత్రికి వస్తారు. కాబట్టి డోసు పెరిగేకొద్దీ మత్తు తగ్గుతూ పోతుందన్నది నియమం కానే కాదు. నేను చూసినవాళ్లలో ఒకాయన ఉండేవారు, యాభై దాటిన వ్యక్తి. ఈ లెక్కలన్నీ మనసులో పెట్టుకుని నేను ధీమాగా 30కి పెంచాను. మర్నాడు మధ్యాహ్నం కుర్చీలోనే నిద్రపోయారు. పది రోజులు చూసినా తేడా రాకపోతే మళ్లీ 15కి తెచ్చాను. ఆయన దగ్గర నా థియరీ ఓడిపోయింది. అందుకే ఇప్పుడు పేషెంట్లకి నేను చెప్పేది ఇలా ఉంటుంది: పెంచితే మగత ఎక్కువవ్వాలని లేదు, కొందరికి తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది.

ఇక మీ సగం మాత్ర దగ్గరికి వద్దాం. మూడు రోజుల్లో మీకు తేడా తెలియకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది శరీరంలో మందు నిలవుండే కాలం. మిర్టాజపీన్ సగానికి తగ్గడానికి 20 నుంచి 40 గంటలు పడుతుంది. సగటున మగవాళ్లలో 26 గంటలు, ఆడవాళ్లలో 37 గంటల దాకా. మీకు 30 గంటలు అనుకుందాం. అప్పుడు ఈ రాత్రి ఒంట్లో ఉన్న మందులో నూటికి 57 వంతులు రేపు రాత్రికీ మిగులుతాయి. దాని మీద కొత్త మాత్ర పడుతుంది. మొదటి రాత్రి 15 ఎంజీతో మొదలైతే రెండో రాత్రి మాత్ర వేసుకున్నాక సుమారు 24 ఎంజీ ఉంటుంది, మూడో రాత్రి 29, ఐదో రాత్రికి 33, ఆ తర్వాత 35 దగ్గర ఆగుతుంది. పన్నెండో రోజుకి మీరున్నది అక్కడ.

ఇప్పుడు మాత్ర సగం చేశారు. మొదటి రాత్రి ఆ 35లో మిగిలిన 20కి ఏడున్నర కలిస్తే 28. రెండో రాత్రి 23. మూడో రాత్రి 21. మళ్లీ చూడండి: మూడు రాత్రులు సగం మాత్ర వేసుకున్నాక కూడా, మొట్టమొదటి రాత్రి పూర్తి మాత్ర వేసుకున్నప్పటికంటే ఎక్కువ మందు మీ ఒంట్లో ఉంది. (మింగినదంతా రక్తంలోకి చేరదు, దాదాపు సగమే చేరుతుంది. కానీ నిష్పత్తులు మారవు కాబట్టి లెక్క నిలుస్తుంది.) వారం ఆగకుండా ఏ మార్పు గురించీ తీర్పు చెప్పలేం అనేది ఇందుకే. నిన్న సగం వేసుకున్నాను, ఇవాళ ఇలా ఉంది అనుకోవడంలో అర్థం లేదు, ఆ ‘ఇవాళ’ నిన్నటి మాత్రది ఒక్కటే కాదు.

మరి కాస్త పెరిగినట్టు ఎందుకు అనిపించింది? ఆల్ఫా-2 వైపు బలం కొద్దిగా తగ్గడం వల్ల కావచ్చు. పడుకున్న టైమ్ మారడం వల్లా కావచ్చు. నా అనుమానం ఇంకోటి: తగ్గుతుందని ఎదురుచూస్తూ ప్రతి పొద్దునా మగతని కొలుచుకునేవాడికి మగత పెద్దదిగానే కనిపిస్తుంది. ఈ మూడింటినీ మూడు రోజుల్లో విడదీయడం ఎవరి తరమూ కాదు.

సగటున చూస్తే మీకు జరుగుతున్నది అరుదైనదేమీ కాదు. అమెరికాలో అనుమతి కోసం చేసిన ఆరు వారాల పరీక్షల్లో మగత వచ్చిందన్నవారు మందు తీసుకున్నవారిలో 54 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 18 శాతం. మగత తట్టుకోలేక మానేసినవారు 10 శాతం పైచిలుకు.

ఆకలి సంగతి. మీకు కలుగుతున్నది నోటి చాపల్యం కాదు, ముందు ఆ తప్పు మీ మీద వేసుకోకండి. కడుపు నిండిందన్న కబురు మెదడుకి అందించే దారుల్లో రెండింటిని ఈ మందు మూసేస్తుంది. ఒకటి, మనం ఇందాకటి నుంచి చెప్పుకుంటున్న హెచ్1. హైపోథాలమస్‌లో హిస్టమిన్ మెలకువతో పాటు ‘చాలు’ అన్న భావన కూడా ఇస్తుంది. రెండోది సెరటోనిన్ 2సీ రిసెప్టర్. సెరటోనిన్ ఈ రిసెప్టర్ ద్వారా తిండి మీద అదుపు ఉంచుతుంది. దీని బలం ఎంతో తెలియాలంటే ఉల్టా ఉదాహరణ చూడాలి: ఇదే 2సీని ఉత్తేజపరిచే లార్కసెరిన్ అనే మందుకి 2012లో అమెరికాలో బరువు తగ్గించడానికే అనుమతి ఇచ్చారు. (క్యాన్సర్ భయంతో 2020లో మార్కెట్ నుంచి తీసేశారు, అది వేరే కథ.) ఒకే రిసెప్టర్‌ని తడితే ఆకలి తగ్గుతుంది, మూసేస్తే పెరుగుతుంది. మిర్టాజపీన్ మూసేస్తుంది. దీనికి తోడు వాంతి, వికారం పుట్టించే సెరటోనిన్ 3 రిసెప్టర్‌ని కూడా ఆపుతుంది కాబట్టి కడుపులో తిప్పడం ఉండదు. తిండి సహించని మనిషికి ఇది వరం. మీలాంటివారికి చిక్కు.

పక్కదారి పట్టి ఒక మాట. తిండి మానేసి బక్కచిక్కిన పిల్లులకి చెవి లోపల రాసే మిర్టాజపీన్ ఆయింట్‌మెంట్‌ని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. పిల్లికి డిప్రెషన్ అని కాదు, బరువు పెరగడానికే. మనుషుల్లో మనం సైడ్ ఎఫెక్ట్ అంటున్నదే అక్కడ అసలు ఎఫెక్ట్.

ఆకలి ఒక్కటే కాదు, ఒంట్లో ఇంధనం వాడకం కూడా కొంచెం మారుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి వారం రోజులు 30 ఎంజీ ఇచ్చి, తిండి, కదలిక, నిద్ర అన్నీ కట్టుదిట్టంగా నియంత్రించి చూసిన అధ్యయనం ఒకటి ఉంది. బరువు పెరగకముందే శరీరం కొవ్వు కరిగించడం తగ్గించి పిండిపదార్థాల వాడకం వైపు మళ్లింది. ఒకే రకం భోజనం తర్వాత ఇన్సులిన్ ముందుకంటే ఎక్కువ వచ్చింది. ఆకలి, తీపి మీద కోరిక కూడా పెరిగాయి. మా పేషెంట్లు ‘ఇంతకుముందు తీపి ముట్టేదాన్ని కాదండీ’ అనడం నాకు అలవాటైన మాట. ఈ అధ్యయనం చూశాక ఆ మాటని ఇంకా సీరియస్‌గా తీసుకుంటున్నాను.

డోసుకీ బరువుకీ లంకె ఎంత అన్నది మీ అసలు ప్రశ్న. ఇక్కడ పైన చెప్పిన కుర్చీల లెక్కే మళ్లీ పనికొస్తుంది. మూసేస్తే ఆకలి పెరిగే హెచ్1 చిన్న డోసుకే నిండిపోతుంది కాబట్టి, 7.5 ఎంజీ ‘తేలిక డోసు, బరువు పెరగదు’ అన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. నిద్ర కోసమని సగం మాత్ర మాత్రమే వాడుతూ బరువు పెరిగినవారిని నేను చాలామందిని చూశాను. అలాగే 15 నుంచి 30కి వెళ్తే బరువు పెరిగే వేగం రెట్టింపు అవుతుందనీ అనలేం. కాబట్టి బరువుకి భయపడి 15 మీద ఆగిపోవడంలో పెద్దగా లాజిక్ లేదు. భయపడాల్సింది మందుకి, డోసుకి కాదు.

ఎంత పెరగొచ్చు? ఆ అమెరికా పరీక్షల్లో ఆకలి పెరిగిందన్నవారు 17 శాతం, ఉత్తుత్తి మాత్రలో 2 శాతం. మొదటి బరువులో 7 శాతమో అంతకంటే ఎక్కువో పెరిగినవారు 7.5 శాతం, అటువైపు ఒక్కరూ లేరు. పిల్లల్లో, టీనేజర్లలో అయితే ఈ 7 శాతం గీత దాటినవారు దాదాపు సగం మంది, అందుకే వాళ్ల విషయంలో మేం చాలా ఆలోచిస్తాం. పెద్దవాళ్లలో తొలి రెండు మూడు నెలల సగటు రెండు కిలోల చుట్టూ ఉంటుంది. కానీ ఈ సగటు అన్నది మోసగత్తె. అసలు పెరగనివారు బోలెడుమంది, నెలలో నాలుగైదు కిలోలు పెరిగేవారు కొందరు, వీళ్లిద్దరినీ కలిపి భాగిస్తే వచ్చిన అంకె అది. మీరు ఏ జట్టులో ఉన్నారో మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లోనే చాలావరకు తెలిసిపోతుంది.

ఒక కేసు వివరంగా చెబుతాను, మీది దానికి దగ్గరగా ఉంది. ముప్ఫై నాలుగేళ్ల ఆవిడ, లెక్కలు చూసే ఉద్యోగం. డిప్రెషన్‌లో తిండి మానేసి 66 కిలోల నుంచి 61కి దిగిపోయారు. 15 ఎంజీ మొదలుపెట్టాం. రెండో వారానికి 62.5. ఆవిడ కంగారుపడ్డారు, నేను పడలేదు, ఎందుకంటే పోయిన బరువు తిరిగి రావడం కోలుకోవడంలో భాగమే. మీరూ ఒకసారి గుర్తుచేసుకోండి: జబ్బుపడక ముందు మీ బరువెంత? పెరిగిన రెండు కిలోలు కొత్తవా, పోయి తిరిగొచ్చినవా?

మూడో వారంలో మూడ్ ఇంకా బాగుపడలేదని 30 చేశాం. పొద్దుటి మగత ఆ తర్వాత పది రోజుల్లో తగ్గింది. డోసు వల్లో, రోజులు గడవడం వల్లో నాకు ఈరోజుకీ తెలియదు. ఆరో వారానికి మూడ్ బాగా తేలికపడింది, బరువు మాత్రం 64.5. అప్పుడు ఒక పని చెప్పాను: వారం రోజులు ఏం తిన్నారో కాదు, ఎప్పుడు తిన్నారో రాసి తెమ్మన్నాను. చూస్తే పగటి భోజనం మామూలుగానే ఉంది. మాత్ర తొమ్మిదింటికి వేసుకుని పదకొండింటి దాకా టీవీ ముందు కూర్చునేవారు. మందు రక్తంలో గరిష్ఠానికి చేరేది సుమారు రెండు గంటలకి. నిద్ర ఆపుకుంటూ ఆ రెండు గంటలూ బిస్కెట్లు, తీపి తింటూనే ఉన్నారు. సగం మగతలో తిన్నది పొద్దున సరిగా గుర్తు కూడా ఉండేది కాదు.

మార్చింది ఒక్కటే. భోజనం ముగించాక మాత్ర, మాత్ర వేసుకున్నాక నేరుగా పడక. మాత్రకీ నిద్రకీ మధ్య టీవీ లేదు, వంటింటి దారి లేదు. తర్వాతి నెలలో పెరిగింది అరకిలో, అక్కడ ఆగింది. మేం ముందే ఒక గీత గీసుకున్నాం: మొదలుపెట్టిన 61కి 7 శాతం కలిపితే 65.3, అది దాటితే మందు మార్చే మాట మాట్లాడదాం అని. దాటలేదు, మార్చలేదు. ఇంకొకరి విషయంలో ఇవన్నీ చేసినా దాటింది, మూడు వారాల్లో మెల్లగా తగ్గిస్తూ వేరే మందుకి మార్చాం. అది ఎవరి ఓటమీ కాదు, ఆ ఒంటికి ఆ మందు కుదరలేదు, అంతే.

మీ విషయంలో నేనైతే ఏం చేస్తానో చెబుతాను, చివరి మాట మాత్రం మీ డాక్టర్ గారిదే. మూడు రోజులుగా సగమే వేసుకుంటున్నానని వారికి ముందు చెప్పండి. తెలియకపోతే ఆయన 15 నుంచి 30 అనుకుంటారు, మీరు దూకేది మాత్రం 7.5 నుంచి 30కి, నాలుగు రెట్లు. మొదట 15కి వచ్చి వారం నిలబడి, అప్పుడు పెంచాలా వద్దా చూద్దామని ఆయన అనవచ్చు. పెంచడం మూడ్ కోసమైతే సరే. మగత తగ్గించడానికే పెంచుదామంటే అది జూదమని తెలిసి ఆడండి: పది రోజులు గడువు పెట్టుకుని, అప్పటికీ దిగకపోతే వెనక్కి వచ్చే ఒప్పందంతో.

ఇప్పుడు మాత్ర పడుకునే ముందు వేసుకుంటున్నట్టయితే గంటా గంటన్నర ముందుకి జరపడం గురించి అడగండి. ఇది సగం మాత్ర కంటే మేలు, మందు గరిష్ఠానికి చేరే సమయం రాత్రి ముందు భాగంలోకి జరుగుతుంది. అయితే మందు ఇంతకాలం నిలవుండేది కాబట్టి అద్భుతాలు ఆశించకండి. పైన ఆవిడ విషయంలో చెప్పిన ఇబ్బంది ఇక్కడ ఎదురొస్తుంది, గమనించారా? మాత్ర ముందుకి జరిపితే తిండి గండం కూడా ముందుకి జరుగుతుంది. ఆ గంటన్నర వంటింటికి దూరంగా ఉండగలిగితేనే జరపండి. మగత ఉన్నన్ని రోజులు పొద్దున బండి నడపొద్దు. మద్యం, అలర్జీ మాత్రలు, వేరే నిద్రమాత్రలు ఏవైనా తోడైతే మత్తు కలిసి పెరుగుతుంది, అవేవైనా ఉంటే డాక్టరుకి చెప్పండి. సిగరెట్ తాగే అలవాటు ఉండి ఈమధ్యే మానేసినా చెప్పండి. పొగ ఈ మందుని లివర్ త్వరగా ఖర్చు చేసేలా చేస్తుంది, మానేస్తే అదే డోసుకి ఒంట్లో మందు పెరుగుతుంది.

బరువు వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున ఖాళీ కడుపుతో చూసుకుని రాయండి. రోజూ చూసుకుంటే నీటి బరువు పైకీ కిందికీ ఆడించి టెన్షన్ పెడుతుంది. ఈ మందు కొందరికి కాళ్లలో నీరు కూడా పట్టిస్తుంది, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంటే ఆ రెండు కిలోల్లో కొంత నీరేనని అనుకోవాలి. మీ ప్రారంభ బరువు 70 అయితే గీత 75 దగ్గర పడుతుంది. చాలాకాలం వాడాల్సి వస్తే కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు మధ్యమధ్యలో చేయించమని అడగండి, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు దీనితో పెరగడం ఆ అమెరికా పరీక్షల్లోనే కనిపించింది.

రెండు విషయాలకి మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుళ్లు కలిసి వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. చాలా అరుదుగా ఈ మందు తెల్ల రక్తకణాలని పడగొడుతుంది. మనసు ఇంకా దిగజారి ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తే, అర్ధరాత్రి అయినా సరే, ఇంట్లోవాళ్లకి చెప్పి ఎమర్జెన్సీకి వెళ్లండి. రాత్రి పడుకోగానే కాళ్లు లాగేస్తూ కదిలించకుండా ఉండలేకపోతుంటే అది అంత ప్రమాదం కాదు కానీ, ఈ మందే తెచ్చే ఇబ్బంది కావచ్చు. నిద్ర కోసం వేసుకున్న మాత్ర నిద్ర చెడగొడుతుంటే డోసు పెంచడం దానికి జవాబు కాదు, ఆ మాట తప్పకుండా చెప్పండి.

సగం మాత్రతోనే మెల్లగా మానేద్దామన్న ఆలోచన ఉంటే అదీ వారికే చెప్పి చేయండి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కంగారు, వికారం, నిద్ర పూర్తిగా పోవడం కొందరికి వస్తాయి. వాటిని చూసి జబ్బే తిరగబెట్టిందని పొరబడి మళ్లీ మొదటికొచ్చినవాళ్లు నా దగ్గరికి ఏటా వస్తుంటారు.